ఆరు అక్షరాలకు ఒక సెకను

శ్రీకాళహస్తిలో కలంకారీ పనిని చూపించే ఐదు నిమిషాల వీడియో ఒకటి ఉందనుకుందాం. పనిలో తల పండిన పెద్దాయన ఒకరు గుడ్డ పరుచుకుని, వెదురు కలం చేతిలో పట్టుకుని పని చేసుకుపోతుంటారు. మధ్యమధ్యలో తలెత్తి ఏదో చెప్తుంటారు. కరక్కాయ నీళ్లలో నానబెట్టడం, కసిమితో నల్ల గీతలు, పటికతో ఎరుపు, ఉడకబెట్టడం, ఉతకడం అన్నీ వరసగా ఉంటాయి. వెనకాల వేణువు మోగుతుంటుంది. తిరుపతి చుట్టుపక్కల ఏది చూపించినా వేణువు పెట్టకపోతే వీడియో కాదన్నట్టు తయారైంది మరి.

ఈ వీడియోను వినపడనివాళ్లు చూడాలంటే క్యాప్షన్లు కావాలి. కనపడనివాళ్లు చూడాలంటే ఆడియో డిస్క్రిప్షన్, అంటే తెరమీద జరిగేదాన్ని మాటల్లో చెప్పే గొంతు కావాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ ఈ రెండింటినీ పేరుపెట్టి చెప్పింది, సైగభాషతో పాటు. వెబ్‌కు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం డబ్ల్యూసీఏజీ అయితే రికార్డు చేసిన వీడియోకు క్యాప్షన్లను మొదటి మెట్టయిన A స్థాయిలోనే పెట్టింది, ఆడియో డిస్క్రిప్షన్‌ను ఆ పైన AA స్థాయిలో తప్పనిసరి చేసింది. పెట్టాలా వద్దా అన్న ప్రశ్న అంతటితో తీరిపోయింది. ఎలా పెట్టాలన్నదే చిక్కు. పైకి ఈ రెండు పనులకూ పోలికే లేనట్టుంటుంది గానీ రెండూ చివరికి వచ్చి ఆగేది సెకన్ల దగ్గరే. క్యాప్షన్‌లో అక్షరాలు ఎక్కువై సెకన్లు చాలవు. డిస్క్రిప్షన్‌లో చెప్పాల్సింది ఎక్కువై మాటల మధ్య ఖాళీ చాలదు.

ముందు క్యాప్షన్ సంగతి. వీడియోలో ఒక నిమిషం పన్నెండో సెకను దగ్గర పెద్దాయన ఇలా అంటారు: "కరక్కాయ నీళ్లలో గేదె పాలు కలిపి గుడ్డను నానబెట్టి, నీళ్లు పిండేసి ఎండలో ఆరేస్తాం." ఇది చెప్పడానికి ఆయనకు పట్టింది నాలుగు సెకన్లు. దీన్ని నాలుగు సెకన్లలోనే చదివేయగలరా?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పే కొలతలన్నీ ఇంగ్లిష్ నుంచి వచ్చినవే. ఒక కొలత మాటల్లో ఉంటుంది. నిమిషానికి 160 నుంచి 180 మాటల వేగంతో క్యాప్షన్లు ఉండాలని బీబీసీ నియమాలు చెప్తాయి. పెద్దాయన వాక్యంలో మాటలు పదకొండు. నాలుగు సెకన్లలో పదకొండంటే నిమిషానికి 165, హాయిగా పాసైపోయింది. ఇంకో కొలత క్యారెక్టర్లలో ఉంటుంది. ఇంగ్లిష్‌కు సెకనుకు 17 నుంచి 20 దాకా వాడతారు, ఖాళీలూ కామాలూ కలుపుకుని. ఇదే వాక్యాన్ని సబ్‌టైటిల్ సాఫ్ట్‌వేర్‌లో పెడితే 81 క్యారెక్టర్లు చూపిస్తుంది. నాలుగుతో భాగిస్తే సెకనుకు 20 దాటింది. గడి ఎర్రబడుతుంది. ఒకే వాక్యం ఒక కొలతలో పాసై ఇంకో కొలతలో ఫెయిలయింది.

రెండు కొలతలూ తెలుగు దగ్గర తడబడతాయి. మాటల లెక్క ఎందుకు కుదరదో వేరే చెప్పనక్కర్లేదు. "చేయించుకోవాల్సివచ్చింది" అన్నది మనకు ఒక మాట. ఇంగ్లిష్‌లో అయితే ఐదారు మాటలైనా పడతాయి. క్యారెక్టర్ల లెక్కలో తిరకాసు ఇంకాస్త లోపల ఉంది. కంప్యూటర్ తెలుగు అక్షరాన్ని అక్షరంగా దాచుకోదు, ముక్కలుగా దాచుకుంటుంది. "స్త్రీ" మన కంటికి ఒక్క అక్షరం. లోపల మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని ఆరు ముక్కలు. "పలమనేరు"లో కంటికి ఐదు అక్షరాలు, లోపల ఏడు ముక్కలు. అంటే సాఫ్ట్‌వేర్ దృష్టిలో స్త్రీకీ పలమనేరుకూ తేడా ఒక్కటే. పైగా "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో వత్తు పడకుండా అడ్డుపెట్టే కనిపించని గుర్తు ఒకటి ఉంటుంది, దాన్నీ లెక్కేస్తుంది. ఇదీ చాలదన్నట్టు సాఫ్ట్‌వేర్‌ను బట్టి లెక్క మారిపోతుంది. "స్త్రీ" కొన్నిటికి ఆరు, కొన్నిటికి మూడు. 2023లో యూనికోడ్ వత్తులను విడదీయకూడదని నియమం మార్చాక, దాన్ని పాటించేవాటికి ఒకటి. అంచేత "తెలుగుకు సెకనుకు ఇన్ని క్యారెక్టర్లు" అని ఎవరైనా అంకె చెప్తే, ముందు అడగాల్సింది దేన్ని లెక్కపెట్టి చెప్తున్నారని.

మన పనికి పలికే అక్షరమే నమ్మదగ్గ కొలత. పై వాక్యాన్ని వేళ్ల మీద లెక్కపెడితే కరక్కాయలో నాలుగు, నీళ్లలోలో మూడు, అలా పోతూ మొత్తం 32 అక్షరాలు. నాలుగు సెకన్లలో అంటే సెకనుకు ఎనిమిది. మాట్లాడటానికి ఇది మామూలు వేగమే. చదవడానికి మాత్రం కాదు. చదివేవాళ్లు ఊరికే చదువుకుంటూ కూర్చోరు కదా, పైన బొమ్మ చూడాలి, కింద అక్షరాలు చదవాలి, మళ్లీ పైకి పోవాలి. సెకనుకు ఆరు అక్షరాల దగ్గర మొదలుపెట్టడం మంచిది. ఇది ఏ సంస్థా పెట్టిన ప్రమాణం కాదు, పని మొదలుపెట్టడానికి చేతిలో ఉండాల్సిన ఒక అంకె, అంతే. వత్తులు కిక్కిరిసిన వాక్యానికి ఇంకాస్త తగ్గించాలి. ఆ మాటకొస్తే ముక్కల లెక్క కూడా పూర్తిగా పనికిమాలింది కాదు. "స్త్రీ" చదవడానికి "క" కన్నా కంటికి ఎక్కువ పనే. ఏ వాక్యం దగ్గరైనా అక్షరాల లెక్క సరేనంటూ ముక్కల లెక్క మరీ ఎక్కువగా ఉంటే, ఆ వాక్యాన్ని ఇంకోసారి చూడాలని అర్థం.

32 అక్షరాలకు ఆరు చొప్పున అయితే దాదాపు ఐదున్నర సెకన్లు కావాలి. ఆయన మాట్లాడింది నాలుగు. మిగతా ఒకటిన్నర సెకను ఎక్కడి నుంచి తేవాలి? ఇక్కడ అదృష్టం బాగుంది. మాట అయిపోయాక ఆయన గుడ్డను రెండు చేతులా ఎత్తి దులుపుతారు. ఒకటీ పద్దెనిమిది దాకా షాటు మారదు, మాటా లేదు. క్యాప్షన్‌ను ఆ ఖాళీలోకి సాగదీయవచ్చు:

```
7
00:01:12,000 --> 00:01:17,500
కరక్కాయ నీళ్లలో గేదె పాలు కలిపి
గుడ్డను నానబెట్టి, నీళ్లు పిండేసి ఎండలో ఆరేస్తాం.
```

సాగదీసేటప్పుడు షాటు మారే గీతను దాటనివ్వకూడదు. బొమ్మ మారి కింది అక్షరాలు అలాగే ఉంటే, కొత్త క్యాప్షన్ వచ్చిందనుకుని కన్ను మళ్లీ మొదటినుంచి చదవడం మొదలుపెడుతుంది. ఎంత ఖాళీ ఉన్నా ఒక క్యాప్షన్‌ను ఏడు సెకన్లకు మించి ఉంచరు, కారణం అదే. చదివేసినవాళ్లు మళ్లీ చదువుతారు.

వాక్యాన్ని ఎక్కడ విరిచామో కూడా చూడండి. "కలిపి" దగ్గర. కలిపి, నానబెట్టి, పిండేసి అని పనిని మెట్లుమెట్లుగా చెప్పే క్త్వార్థకాలు తెలుగులో ఉన్నాయి. క్యాప్షన్ విరవడానికి భాషే కట్టిపెట్టిన మెట్లవి. విశేషణాన్ని ఒక లైన్లో పెట్టి నామవాచకాన్ని ఇంకో లైన్లోకి తోసేయడం కన్నా ఇవి వంద రెట్లు నయం. ఇంకో జాగ్రత్త కూడా తెలుగుకే ప్రత్యేకం. మనకు క్రియ చివర వస్తుంది, కాదు లేదు అనేదీ దానితోనే వస్తుంది. "తడి గుడ్డ మీద కలం" అన్నది ఒక క్యాప్షన్‌గానూ, "పెట్టకూడదు" అన్నది తర్వాతి క్యాప్షన్‌గానూ వస్తే, రెండు సెకన్ల పాటు తెర చెప్పేది తడి గుడ్డ మీద కలం పెట్టమనే. రెండోది రాకముందే వీడియో ఆపి పనికి కూర్చునేవాళ్లుంటే ఇంక చెప్పేదేముంది. కాదనే వాక్యాన్ని ఎంత ఇరుకైనా ఒకే క్యాప్షన్‌లో ఉంచాలి.

అన్నిచోట్లా ఖాళీ దొరకదు. మూడు నిమిషాల నలభయ్యో సెకను దగ్గర పెద్దాయన మాట జోరందుకుంటుంది: "అంటే సార్, మా నాయనోళ్ల కాలంలో అయితే ఈ పనంతా ఏట్లోనే చేసేవాళ్లు, ఇప్పుడు ఏట్లో నీళ్లు యాడుండాయి, తొట్లోనే ఉతుకుతాం." స్వర్ణముఖి సంగతి. ఐదు సెకన్లలో 44 అక్షరాలు, సెకనుకు దాదాపు తొమ్మిది. వెంటనే తర్వాతి మాట వచ్చేస్తుంది, సాగదీయడానికి చోటు లేదు. ఇక తగ్గించడమే దారి:

```
19
00:03:40,000 --> 00:03:45,000
మా నాయనోళ్ల కాలంలో ఇదంతా ఏట్లోనే.
ఇప్పుడు ఏట్లో నీళ్లు యాడుండాయి? తొట్లోనే.
```

28 అక్షరాలు, ఐదు సెకన్లు. సెకనుకు ఆరు లోపే. పోయినవి ఏవంటే "అంటే సార్", "అయితే", "చేసేవాళ్లు", "ఉతుకుతాం". ఉతుకుతున్నది తెరమీద కనిపిస్తూనే ఉంది కాబట్టి ఆ మాట పోయినా నష్టం లేదు. "యాడుండాయి"ని "ఎక్కడున్నాయి"గా దిద్దకపోవడం మాత్రం కావాలని చేసిందే. ఆయన చిత్తూరు యాస వినగలిగినవాళ్లకు వినపడుతోంది. చదివేవాళ్లకు అది పుస్తక భాషగా మారి అందితే వాళ్లు వేరే మనిషిని కలిసినట్టే.

ఈ మాటకు ఎదురు మాట కూడా ఉంది, అది గట్టిదే. తిరుపతిలో టీటీడీ నడిపే బధిరుల పాఠశాల లాంటి చోట్ల చదువుకున్న చాలామందికి ఇంటి భాష లాంటిది సైగభాష. తెలుగు వాళ్లకు బడిలో, పుస్తకంలో నేర్చుకున్న రెండో భాష. చెవితో యాస వినని మనిషికి "యాడుండాయి" చదవగానే తట్టకపోవచ్చు. కాబట్టి కొలత ఇలా పెట్టుకోవచ్చు: మనిషి తెలిసే చోట యాసను ఉంచాలి, పని తెలిసే చోట, అంటే కొలతలూ జాగ్రత్తలూ చెప్పే వాక్యాల్లో, నలుగురికీ తెలిసిన రూపం రాయాలి. వేగం విషయంలోనూ ఇదే వర్తిస్తుంది. వినగలిగేవాళ్లకు ఆరు అక్షరాలు సుఖంగా ఉన్నంత మాత్రాన రెండో భాషగా చదివేవాళ్లకూ సుఖంగా ఉంటుందని అనుకోకూడదు.

అందుకే వేగాన్ని చివరికి తేల్చాల్సింది మనుషుల మీదే. క్యాప్షన్ రాసినవాళ్లు దీనికి పనికిరారు. వాళ్లకు ప్రతి మాటా నోటికి వచ్చేసి ఉంటుంది, ఎంత వేగమైనా సరిపోయినట్టే ఉంటుంది. వీడియోను అంతకుముందు చూడని మనిషికి శబ్దం పూర్తిగా తీసేసి చూపించాలి. చూశాక క్యాప్షన్ గురించి అడగకూడదు, బొమ్మ గురించి అడగాలి. గుడ్డను ఎన్నిసార్లు దులిపారు? కలాన్ని పైనుంచి పట్టుకున్నారా, కిందనుంచా? క్యాప్షన్లన్నీ అప్పజెప్పి, ఈ ప్రశ్నలకు నీళ్లు నమిలితే వాళ్లు ఐదు నిమిషాలూ తెర అడుగునే ఉండిపోయారని అర్థం. వేగం ఎక్కువైనప్పుడు పట్టిచ్చే గుర్తు ఇదే.

ఇంకో చిన్న విషయం, తెలుగువాళ్లకే ఎదురయ్యేది. రెండు లైన్ల క్యాప్షన్‌లో పై లైను వత్తులు కిందికి వేలాడతాయి, కింది లైను గుడులూ తలకట్లూ పైకి లేస్తాయి. ఇంగ్లిష్‌కు సరిపోయే వరస ఎడంలో ఇవి ఒకదానిమీద ఒకటి ఎక్కుతాయి. ఎడం పెంచితే క్యాప్షన్ పట్టీ లావై, తెర అడుగున ఉన్నదాన్ని కప్పేస్తుంది. కలంకారీ వీడియోలో తెర అడుగున ఉండేది పనిచేసే చేయే. అలాంటి నాలుగైదు చోట్ల క్యాప్షన్‌ను పైకి జరపాలి. పైన రాసుకున్న SRT రకం క్యాప్షన్ ఫైల్లో దానికి నమ్మకమైన దారి లేదు, WebVTT అనే ఇంకో రకంలో ఉంది:

```
00:02:04.000 --> 00:02:08.000 line:10%
```

ఫైలును UTF-8గా దాచకపోతే అక్షరాల బదులు ప్రశ్నార్థకాలొస్తాయి. WebVTTలో సెకన్ల తర్వాత చుక్క, SRTలో కామా.

క్యాప్షన్లు విడి ఫైలుగా ఉంటే చూసేవాళ్లు సైజు పెంచుకోగలరు, వద్దనుకుంటే తీసేసుకోగలరు. కానీ మన దగ్గర వీడియో ఊరంతా తిరిగేది వాట్సాప్‌లో, అక్కడికి ఆ ఫైలు వెంట రాదు. అందుకని బొమ్మ మీదే అచ్చువేసిన ప్రతి ఒకటి అదనంగా చేసిపెట్టుకోక తప్పదు. ఇక్కడ ఎడిటింగ్ యాప్‌లు కొన్ని తెలుగును పాడుచేస్తాయి. వత్తు కిందికి దిగకుండా పక్కన పొల్లుతో నిలబడుతుంది, "హస్తి" కాస్తా "హస్ తి" అవుతుంది. ffmpeg అనే సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చే ఈ ఆదేశం వాడే పద్ధతి వత్తులను సరిగ్గా కూరుస్తుంది, కంప్యూటర్లో తెలుగు ఫాంటు ఉంటే చాలు:

```
ffmpeg -i kalamkari.mp4 -vf subtitles=te.srt kalamkari_te.mp4
```

ఇక రెండో సగం. రెండు నిమిషాల పదో సెకను దగ్గర పెద్దాయన కలాన్ని కసిమిలో ముంచి, "ఇదిగో, ఇప్పుడు చూడండి ఎట్టా మారతాదో" అని ఆగిపోతారు. తర్వాత ఆరు సెకన్ల పాటు మాట లేదు. తెరమీద మాత్రం ఈ వీడియో మొత్తానికీ ప్రాణం లాంటి సంగతి జరుగుతుంది. తుప్పు ఇనుమునూ బెల్లాన్నీ నీళ్లలో వారాల తరబడి పులియబెడితే వచ్చేది కసిమి. కలం నుంచి దిగేటప్పుడు మట్టినీళ్లలా ఉంటుంది. కరక్కాయ పట్టిన గుడ్డకు తగలగానే నల్లబడుతుంది. కరక్కాయలోని వగరుకూ ఇనుముకూ కలిసి పుట్టే నలుపు అది. కనపడనివాళ్లకు ఈ ఆరు సెకన్లలో అందేది వేణువు. "చూడండి" అన్న పిలుపు అందింది, చూడాల్సింది అందలేదు.

ఈ ఖాళీలోకి డిస్క్రిప్షన్ రాయాలి. ఆరు సెకన్లు ఉన్నాయని ఆరు సెకన్ల మాట రాయకూడదు. పెద్దాయన మాట ముగిశాక అర సెకను, మళ్లీ మొదలయ్యే ముందు అర సెకను వదలాలి, లేకపోతే రెండు గొంతులు ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. మిగిలింది ఐదు సెకన్లు. నింపాదిగా, ప్రతి మాటా తేటగా వినపడేలా చదివే గొంతుకు కూడా సెకనుకు ఆరు అక్షరాల లెక్కే పనికొస్తుంది. అంటే ముప్పై అక్షరాలు మన చేతిలో ఉన్నాయి.

మొదటిసారి రాసేవాళ్లు సాధారణంగా ఇలా రాస్తారు: "వెదురు కలం మొన నుంచి లేత గోధుమరంగు నీళ్లు గుడ్డ మీదికి దిగాయి, గీసిన గీత చూస్తుండగానే నల్లగా మారిపోయింది." వాక్యంలో తప్పేమీ లేదు. లెక్కపెడితే 44 అక్షరాలు, ఏడు సెకన్ల పైమాట. ఇరికించాలని గబగబా చదివితే పేపరు చదివినట్టుంటుంది. కోయాలి. కలం వెదురుదని ఆయన ఒక నిమిషం కిందటే చెప్పారు, కాబట్టి వెదురు పోయింది. మొన లేకపోయినా అర్థమవుతుంది. మిగిలింది: "కలం నుంచి దిగిన గోధుమరంగు నీళ్లు గుడ్డకు తగలగానే నల్లబడుతున్నాయి." 29 అక్షరాలు. ఐదు సెకన్లలో ఇమిడింది. భూతకాలం పోయి వర్తమానం వచ్చింది, తెరమీద ఇప్పుడు జరుగుతున్నదే చెప్తున్నాం కాబట్టి.

ఈ వాక్యంలో లేనివాటిని కూడా గమనించాలి. "అద్భుతంగా" లేదు. అద్భుతమో కాదో వినేవాళ్లు తేల్చుకుంటారు. ఎందుకు నల్లబడిందో కూడా లేదు. అది పెద్దాయన తర్వాతి వాక్యంలో చెప్పబోతున్నారు, ఆయన నోటి దగ్గర మాట లాక్కోవడం ఎందుకు? రంగుల పేర్లు మాత్రం ఉన్నాయి. పుట్టుకతో చూపు లేనివాళ్లకు గోధుమరంగు, నలుపు చెప్పి ఏం లాభమని కొందరు అడుగుతుంటారు. ఆ మనుషులు ఈ లోకంలోనే పెరిగారు, బట్టల కొట్లో చీరల బేరం విన్నారు, నలుపుకూ ఎరుపుకూ లోకం ఇచ్చే విలువ వాళ్లకు తెలుసు. చూపు మధ్యలో పోయినవాళ్లయితే ఆ రంగులను గుర్తుపెట్టుకునే ఉంటారు.

ఎక్కడ చెప్పకూడదో తెలియడం ఈ పనిలో సగం. తర్వాతి ఘట్టంలో పెద్దాయన పటిక నీళ్లతో గీస్తారు. గుడ్డ మీద దాదాపు ఏమీ కనిపించదు. "ఇప్పుడేం కనపడదు, ఉడకబెట్టినాక చూడండి" అని ఆయనే అంటారు. ఇక్కడ నాలుగు సెకన్ల మంచి ఖాళీ ఉంది, ఖాళీ ఉంది కదా అని "పటికతో నెమలి బొమ్మ గీస్తున్నారు" అని చెప్పాలనిపిస్తుంది. చూసేవాళ్లకే కనిపించని నెమలిని వినేవాళ్లకు ముందే చెప్పేస్తే, ఉడికాక బయటపడే తమాషా వాళ్లకు దక్కకుండా పోతుంది. డిస్క్రిప్షన్ వినేవాళ్లకు చూసేవాళ్లకన్నా తక్కువ తెలియకూడదు, ఎక్కువా తెలియకూడదు. ఆ నాలుగు సెకన్లూ ఖాళీగానే వదిలేయాలి. ఇంకా మంచిదేమంటే అక్కడ వేణువు తీసేసి, గుడ్డ మీద కలం గీరుకునే చప్పుడును వినపడనివ్వడం. అసలు ఎడిటింగ్‌లో సంగీతాన్ని గోడకు సున్నం కొట్టినట్టు మొత్తం పూసేయకుండా ఉంటే డిస్క్రిప్షన్ రాసేవాళ్ల పని సగం తగ్గుతుంది. పొయ్యిలో మంట చిటపట, నీళ్లు తెర్లే చప్పుడు, తడి గుడ్డను బండకేసి కొట్టే దెబ్బ, ఇవన్నీ ఎవరూ రాయనక్కర్లేని డిస్క్రిప్షన్లే. క్యాప్షన్‌లో మాత్రం ఆ దెబ్బను [బండ మీద గుడ్డ ఉతికే చప్పుడు] అని రాయాలి. ఒకరికి చెవి చెప్పేది ఇంకొకరికి అక్షరం చెప్పాలి.

ఖాళీయే లేని చోట ఏం చేయాలి? గుడ్డను రంగు పాత్రలోంచి కట్టెతో పైకెత్తినప్పుడు పటిక పెట్టిన గీతలు ఎర్రగా బయటపడతాయి. ఈ షాటులో మాటలు లేని చోటు రెండు సెకన్లే. "గీతలు ఎర్రబడ్డాయి" అంటే ఎనిమిది అక్షరాలు, సెకనున్నర లోపే, ఎలాగో పడుతుంది. బొమ్మ ఏమిటన్నది పట్టదు. వీడియోను ఆ క్షణాన ఆపి, చెప్పడం అయ్యాక మళ్లీ నడిపించే పద్ధతి ఒకటుంది. దాన్ని పొడిగించిన డిస్క్రిప్షన్ అంటారు, డబ్ల్యూసీఏజీలో అది అన్నిటికన్నా పైదైన AAA స్థాయి. ఒక సొంత వెబ్‌సైట్‌లో పెట్టుకునే వీడియోకు బాగుంటుంది. మామూలుగా అయితే బొమ్మను అక్కడక్కడా స్తంభింపజేసి, డిస్క్రిప్షన్ కలిపిన రెండో వీడియోను విడిగా ఎక్కించడం తేలిక. మొదటి వీడియో కింద దాని లింకు ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ రెండోది ఉన్నట్టు దాని అవసరం ఉన్నవాళ్లకే తెలియదు. శీర్షికలోనే "ఆడియో డిస్క్రిప్షన్‌తో" అని ఉంటే వెతికినప్పుడు స్క్రీన్ రీడర్ దాన్ని చదివి వినిపిస్తుంది.

ఇది కూడా పరీక్షించదగ్గదే. వీడియో చూడని మనిషిని తెరకు వీపు పెట్టి కూర్చోబెట్టి వినిపించాలి. "కలం గుడ్డకు తగిలాక ఏమైంది? ఎరుపు ఎప్పుడొచ్చింది?" అని అడగాలి. కళ్లున్నవాళ్లతో చేసే ఈ పరీక్ష పెద్ద కంతలను మాత్రమే పట్టుకుంటుంది. రోజూ వినికిడి మీద బతికేవాళ్లు వేరే తప్పులు పడతారు. ఒక పాత్రను ముందు "తొట్టి" అనీ తర్వాత "గంగాళం" అనీ పిలిస్తే రెండు పాత్రలున్నాయనుకుంటారు. చూసేవాళ్లకు అది తప్పుగా తోచనే తోచదు.

అయితే ఈ కుట్లన్నీ చిరిగాక వేసేవి. చిరగకుండా చూసుకునే చోటు ఒకటుంది, అది షూటింగ్. పెద్దాయన వీడియో పొడుగునా "ఇదిగో", "ఇట్టా", "ఇంత", "ఇక్కడ" అంటూనే ఉన్నారు. చేత్తో పనిచేసేవాళ్లందరూ అలాగే మాట్లాడతారు, చేయి చెప్తుంటే నోటికి పనేముంది. కెమెరా వెనకున్నవాళ్లు ఆ మాట వచ్చినప్పుడల్లా ఆపి, "అన్నా, చూపులేనివాళ్లు ఎదురుగా కూర్చున్నారనుకుని ఇంకోసారి చెప్పన్నా" అంటే చాలు. గుడ్డ పైకెత్తే షాటును అలా రెండోసారి తీస్తే ఆయన నోటి నుంచి "చూడండి ఎట్టా వచ్చిందో" బదులు, "పటిక పెట్టిన కాడ ఎరుపు పట్టింది" అనే మాట వస్తుంది. పద్నాలుగు అక్షరాలు. రెండున్నర సెకన్ల క్యాప్షన్‌కు సరిపోయింది, ఆ చోట ఇంక వేరే గొంతు రికార్డు చేయాల్సిన పని లేదు.